320 ఎవరడిగారండీ?

తాడేపల్లిగూడెం, ఏలూరు, భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ట్రైనింగ్, ప్లేస్‌మెంట్ వ్యవహారాలు చూసే పెద్దలందరికీ,

నేను గూడెంలో చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మీ దగ్గర ఇప్పుడు బీటెక్ చదువుతున్నవాళ్లలో కొంతమంది ఒకప్పుడు నా బోర్డు ముందు కూర్చుని ఇంటిగ్రేషన్ చేసినవాళ్లే. ఆ చనువుతోనే మూడో ఏడాదికి వచ్చేసరికి విదేశీ చదువు కాగితాలు పట్టుకుని మా వీధి అరుగు మీదకి వస్తుంటారు. వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట ఏటా ఒకటే. "మాస్టారూ, జీఆర్ఈలో 320 వస్తే సరిపోతుందాండి?"

ఎక్కడికి సరిపోవాలిరా అంటే అమెరికాకి అంటారు. ఏ యూనివర్సిటీ, ఏ డిపార్ట్‌మెంటు అంటే అదింకా అనుకోలేదంటారు. గూడెం స్టేషన్‌లో కౌంటర్ దగ్గరికెళ్లి ఊరి పేరు చెప్పకుండా "టికెట్టెంతండీ" అని అడిగితే లోపలున్నాయన ఏం చెప్తాడు? నాదీ ఆ అవస్థే.

ఈ ఉత్తరం పిల్లలకి రాయకుండా మీకెందుకు రాస్తున్నానంటే, ఆ ప్రశ్న వాళ్ల బుర్రలో పుట్టింది కాదు. మీ సెమినార్ హాల్లో ఒక మధ్యాహ్నం ప్రొజెక్టర్ వేసి, 320 పైన వస్తే ఈ యూనివర్సిటీలు, 310 అయితే ఇవి అని పట్టిక చూపించి, వెళ్లేటప్పుడు కోచింగ్ ఫారాలు పంచిన మనిషి పెట్టిన ప్రశ్న అది. ఏ కోచింగ్ సెంటరనీ, ఏ కాలేజీ అనీ నేనిక్కడ అనడం లేదు. ఆ పట్టికే తప్పు అంటున్నాను.

ముందు ఆ అంకె సంగతి. జీఆర్ఈ నడిపే ఈటీఎస్ సంస్థ మనకిచ్చే రిపోర్టులో 320 అన్న అంకె ఎక్కడా ఉండదు. వెర్బల్‌కి 130 నుంచి 170 లోపు ఒకటి, క్వాంట్‌కి 130 నుంచి 170 లోపు ఇంకొకటి, వ్యాసానికి ఆరింటికి ఇన్ని అని ఒకటి, మూడూ విడివిడిగా వస్తాయి. వెర్బల్‌నీ క్వాంట్‌నీ కలిపి కూడింది మనవాళ్లు. ఎంసెట్ ర్యాంకుకి అలవాటుపడ్డ ప్రాణాలు కదా, ఒక్క అంకె లేకపోతే మనకి తోచదు. కానీ క్వాంట్ 168, వెర్బల్ 152 వచ్చిన పిల్లాడిదీ 320యే. క్వాంట్ 158, వెర్బల్ 162 వచ్చిన పిల్లదీ 320యే. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ సీట్లు చూసే కమిటీకి మొదటిది పనికొచ్చే స్కోరు, రెండోది అనుమానం పుట్టించే స్కోరు. అదే పబ్లిక్ పాలసీ డిపార్ట్‌మెంటైతే రెండోదాన్నే ఇష్టంగా చూడొచ్చు.

ఇంకో చిక్కుంది. క్వాంట్‌లో ఒక మార్కు విలువ, వెర్బల్‌లో ఒక మార్కు విలువ ఒకటి కావు. మన దేశం నుంచీ చైనా నుంచీ లెక్కలు బాగా వచ్చినవాళ్లు లక్షల్లో రాస్తుంటారు కాబట్టి క్వాంట్ పైమెట్లు కిక్కిరిసి ఉంటాయి. 170కి 170 తెచ్చుకున్నవాడు కూడా నూటికి సుమారు తొంభై మందికే పైన ఉంటాడు. 165 వస్తే డెబ్భైకి కాస్త అటూ ఇటూ. వెర్బల్‌లో 160 వస్తే చాలు, నూటికి ఎనభై మంది పైచిలుకు కింద ఉంటారు. డిపార్ట్‌మెంట్లు మార్కు పక్కనే ఉండే ఈ పర్సంటైల్‌ని కూడా చూస్తాయి. మన పిల్లలు దాన్ని చదవనే చదవరు.

ఇక జీఆర్ఈ ఎవరు అడుగుతున్నారు, ఎవరు అడగడం లేదు అన్నది. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట వెంకటరామన్నగూడెం హార్టికల్చర్ యూనివర్సిటీలో చదివిన ఒకమ్మాయి మొక్కల పరిశోధనకి అమెరికా వెళ్లాలని వచ్చింది. నేనేమీ ఆలోచించకుండా "ముందు జీఆర్ఈ రాయమ్మా, మిగతావి తర్వాత" అన్నాను. ఆ పిల్ల నాలుగు నెలలు ఇంగ్లీషు మాటలు బట్టీపట్టింది. ఇరవై వేలు దాటిన ఫీజు కట్టింది. రాసింది, మంచి మార్కులే వచ్చాయి. తీరా చూస్తే తను ఎంచుకున్న ఆరు డిపార్ట్‌మెంట్లలో అయిదు జీఆర్ఈ అక్కర్లేదన్నాయి. వాళ్లకి కావాల్సింది వేరు: తనని శిష్యురాలిగా తీసుకుని, తన గ్రాంటులోంచి జీతమిస్తానని ఒప్పుకునే ప్రొఫెసర్. ఆ నాలుగు నెలలూ ప్రొఫెసర్ల పేపర్లు చదివి, వాళ్లకి తెలివైన ఈమెయిళ్లు రాయడానికి వాడుకోవలసింది. ఒక ఏడాది ఆలస్యంగా వెళ్లింది. ఆ ఏడాది నా ఖాతాలో ఉంది.

సైన్స్ డిపార్ట్‌మెంట్లు ఎందుకు వదిలేశాయో తెలిస్తే పిల్లలకి దారి తెలుస్తుంది. 2018, 2019 నాటికే జీవశాస్త్రం, భౌతికశాస్త్రం లాంటి చోట్ల పీహెచ్‌డీ అడ్మిషన్లు చూసేవాళ్లకి ఒక సందేహం వచ్చింది. ఈ మార్కులకీ, అయిదారేళ్లు ల్యాబులో కూర్చుని థీసిస్ పూర్తిచేయడానికీ పెద్ద పొత్తు కనబడటం లేదని. పైగా ఫీజు, ప్రయాణం భరించలేనివాళ్లు దరఖాస్తే పెట్టడం మానేస్తున్నారని. 2020లో కరోనాతో పరీక్షా కేంద్రాలు మూతపడటంతో అప్పటిదాకా ఊగిసలాడినవాళ్లు కూడా మినహాయింపు ఇచ్చేశారు. ఆ మినహాయింపు కొన్నిచోట్ల అలాగే స్థిరపడింది, కొన్నిచోట్ల పోయింది. ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ కలిసిన విభాగం జీఆర్ఈ అడగదు. అలాగని ఇంకో రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కి తప్పనిసరిగా అడగొచ్చు. అంటే యూనివర్సిటీ పేరు చూస్తే తెలిసేది కాదిది. ఒకే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ వాళ్లు అడిగి, సివిల్ వాళ్లు అడగకపోవచ్చు. ఎంఎస్‌కి అడిగి పీహెచ్‌డీకి అడగకపోవచ్చు. ఆ ఏటి డిపార్ట్‌మెంటు పేజీ తెరిచి చదవాల్సిందే. రెండేళ్ల కిందట వెళ్లిన సీనియర్ చెప్పిన మాట పనికిరాదు.

ఆ పేజీలో మూడు రకాల మాటలు కనబడతాయి. తప్పనిసరి అని ఉంటే చర్చ లేదు. చూడం, పంపినా పక్కన పెడతాం అని ఉంటే కూడా చర్చ లేదు. మధ్యలోది, ఇష్టమైతే పంపండి అనేది, అదీ మన పిల్లల్ని ముంచేది. "అక్కర్లేదన్నారు మాస్టారూ" అని దాన్ని కొట్టేసుకుంటారు. ఇష్టమైతే అన్న మాట అందరికీ ఒకే అర్థం ఇవ్వదు.

ఫైలు తెరిచే మనిషి వైపు నుంచి చూడండి. ఆయన ముందు పేరున్న కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు ఉంది, 9 దాటిన సీజీపీఏ, ఒక పబ్లికేషన్, తెలిసిన ప్రొఫెసర్ రాసిన సిఫార్సు లేఖ. ఆ ఫైల్లో జీఆర్ఈ లేకపోయినా ఆయనకి వెలితి అనిపించదు. పక్క ఫైల్లో తను ఎన్నడూ వినని ఊళ్లో, ఎన్నడూ వినని కాలేజీ. సీజీపీఏ 7.1. ముగ్గురు లెక్చరర్లు రాసిన లేఖలు, మూడూ ఒకే అచ్చులో పోసినట్టున్నవి. (ఈ విషయంలో మీ కాలేజీల్లో నడిచే తంతు నాకు తెలుసు, దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.) 7.1 మంచిదో చెడ్డదో, ఆ కాలేజీలో మార్కులు ఉదారంగా వేస్తారో పిసినారిగా వేస్తారో ఆయనకి తెలిసే దారి లేదు. ఈ రెండో ఫైల్లో ఒక గట్టి క్వాంట్ మార్కు ఉంటే, ప్రపంచమంతా ఒకే కొలతతో కొలిచిన అంకె అది ఒక్కటే. అంచేత ఇష్టమైతే అన్న మాట మొదటి పిల్లకి నిజంగా ఇష్టమైతేనే. రెండో పిల్లాడికి మాత్రం, చెప్పుకోవడానికి వేరే ఏమీ లేనప్పుడు, దాదాపు తప్పనిసరి.

ఇది ఎంతవరకో కూడా చెప్పాలి. స్కోరు అనుమానం తీరుస్తుంది, అర్హత పుట్టించదు. ఒక్క కటాఫ్ మార్కు పెట్టుకుని దాని మీదే సీటు తేల్చొద్దని స్వయంగా ఈటీఎస్సే యూనివర్సిటీలకి చెబుతుంది. అయినా వేలల్లో దరఖాస్తులొచ్చే ఎంఎస్ కోర్సుల్లో మొదటి వడపోతకి దాన్ని వాడేవాళ్లుంటారు. ఆ జల్లెడ దాటాక, 165కీ 168కీ తేడా చూసి సీటిచ్చే కమిటీ నాకు కనబడలేదు. అక్కడినుంచి మాట్లాడేది సబ్జెక్టుల వారీ మార్కులు, చేసిన పని, లేఖలు. పీహెచ్‌డీ అయితే ఆ జల్లెడ కూడా చాలాచోట్ల ఉండదు. అక్కడ ఎంచుకునేది ఆఫీసు కాదు, తన ల్యాబులో మనిషి కావాల్సిన ప్రొఫెసరు.

ఒక అసలు ఫైలు చెబుతాను. ఆకివీడు అవతల చెరువులు కౌలుకి చేసే ఒకాయన కొడుకు. కాకినాడ జేఎన్‌టీయూ కిందున్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్, సీజీపీఏ 7.1, రెండో ఏడాది ఒక బ్యాక్‌లాగ్ ఉండి తర్వాత క్లియరైంది. వాడు మూడో ఏడాది డిసెంబరులో వచ్చి 320 ప్రశ్న అడిగాడు. ఈసారి నేను బుద్ధి తెచ్చుకుని ఒక తెల్లకాగితమిచ్చి, ముందు తొమ్మిది డిపార్ట్‌మెంట్లు రాసుకుని రా అన్నాను. ఒక్కోదాని ఎదురుగా మూడే గళ్లు: జీఆర్ఈ మాట, గడువు తేదీ, ఏడాదికి అయ్యే ఖర్చు. సంక్రాంతి సెలవుల్లో పది రోజులు పట్టింది వాడికి. మూడు తప్పనిసరి, నాలుగు ఇష్టమైతే, రెండు చూడం అని తేలింది.

తర్వాత ట్రాన్స్‌క్రిప్టు ముందు పెట్టుకుని, ఇందులో చదివేవాడికి ఎక్కడ అనుమానం వస్తుంది అని చూశాం. బ్యాక్‌లాగ్ ఉన్నది మ్యాథ్స్‌లోనే. అల్గారిథమ్స్‌లో బొటాబొటి మార్కులు. అంటే ఈ పిల్లాడి ఫైలు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే, వీడికి లెక్క వచ్చా అని. జవాబు చెప్పవలసింది క్వాంట్. ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే నమూనా పరీక్ష రాయిస్తే క్వాంట్ 158, వెర్బల్ 147 వచ్చాయి. తప్పులు విప్పి చూస్తే తెలియక పోయినవి తక్కువ. ఎక్కువ పోయింది మొదటి సెక్షన్లో తొందరపడి. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈ కుదించారు కదా, మొత్తం పరీక్ష రెండు గంటల లోపే అయిపోతుంది. క్వాంట్‌లో మొదటి సెక్షన్ 12 ప్రశ్నలు, 21 నిమిషాలు. రెండోది 15 ప్రశ్నలు, 26 నిమిషాలు. ఆ మొదటి పన్నెండూ ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ సులువుగానో కష్టంగానో వస్తుంది. సులువుది వస్తే అన్నీ సరిగ్గా చేసినా పైమెట్టు అందదు. ఎంసెట్‌లో నిమిషానికో లెక్క చొప్పున పరిగెత్తిన పిల్లలు ఆ పన్నెండింటి దగ్గరే రెండు మూడు జారవిడుచుకుంటారు. వీడికి మూడు నెలలు నేను చెప్పిన పాఠం కొత్త లెక్క కాదు. ప్రశ్న చివర ఏమడిగాడో రెండోసారి చదవమని, అంతే.

జూన్ ఆఖరి వారంలో విజయవాడ వెళ్లి రాశాడు. క్వాంట్ 166, వెర్బల్ 149, వ్యాసానికి 3.5. కూడితే 315. ఇంట్లో ఏడుపొక్కటే తక్కువ. స్నేహితులంతా మళ్లీ రాయమన్నారు. వీలుంది కూడా, 21 రోజుల ఎడంతో ఏడాదికి అయిదుసార్లు రాయొచ్చు. ఏ తేదీన రాసిన మార్కులు పంపాలో మనమే ఎంచుకోవచ్చు కాబట్టి పాతవి తగిలించుకుని తిరగక్కర్లేదు కూడా. నేను వద్దన్నాను. ఫైలు అడిగిన ప్రశ్నకి 166 జవాబు చెప్పేసింది. ఇంకో నెల మాటలు బట్టీపట్టి వెర్బల్‌లో అయిదు పెంచినా కంప్యూటర్ సైన్స్ కమిటీకి అది కొత్త సంగతేమీ చెప్పదు. ఆ నెల ప్రాజెక్టు మీద పెట్టాడు. దాన్ని చూసిన లెక్చరర్ ఒకాయన, అచ్చులో పోసింది కాకుండా, సొంత మాటల్లో లేఖ రాశారు. తప్పనిసరి అన్న మూడింటిలో రెండు, ఇష్టమైతే అన్న నాలుగింటిలో ఒకటి సీటిచ్చాయి. స్కోరు చూడం అన్న రెండూ సీటు రాదన్నాయి. స్కోరు వల్లే వచ్చిందని నేనెక్కడా ప్రమాణం చేయలేను. కానీ చూడం అన్న చోట వాడి ఫైలు నోరు మూసుకుని ఉండిపోయిందని మాత్రం నాకనిపించింది.

అదే ఏడాది కడకట్ల క్యాంపస్ నుంచి, అంటే మన నిట్ నుంచి, ఒకమ్మాయి వచ్చింది. 9 పైన సీజీపీఏ, ఒక కాన్ఫరెన్స్ పేపరు, పీహెచ్‌డీ ఉద్దేశం. తన జాబితాలో ఏడింటికి ఆరు చూడం అన్నవే. కోచింగ్‌కి కట్టిన డబ్బు తిరిగి రాకపోయినా పర్వాలేదు, పరీక్ష మాత్రం రాయొద్దన్నాను. వాళ్ల నాన్నగారికి నా మీద ఇప్పటికీ కోపం. సీటొచ్చాక కూడా.

పరీక్షే వద్దు అన్న దారిలో ఒక గొయ్యి ఉంది, అది చెప్పకుండా ముందుకెళ్లలేను. పరీక్ష అక్కర్లేదు అనే మాట ఆలోచించి మానేసిన డిపార్ట్‌మెంటు నోట రావడం వేరు, సీట్లు అమ్ముకునే చోట రావడం వేరు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేసినప్పుడు చిక్కుకున్న వెయ్యిమంది పైచిలుకు విద్యార్థుల్లో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. కొందరి కాళ్లకి నిఘా పట్టీలు తొడిగిన ఫొటోలు ఆ రోజుల్లో పేపర్లలో చూశాం. ఫార్మింగ్టన్ అని లేని యూనివర్సిటీని అమెరికా ప్రభుత్వమే పెట్టి వేసిన వల 2019లో బయటపడితే అందులోనూ మనవాళ్లే చిక్కారు. తేడా పట్టుకోవడం కష్టం కాదు. ఆలోచించి మానేసిన డిపార్ట్‌మెంటు జీఆర్ఈ తీసేసి దాని బదులు ఇంకోటి గట్టిగా అడుగుతుంది: సబ్జెక్టుల జాబితా, రాసిన పేపరు, టోఫెల్ లేదా ఐఇఎల్‌టీఎస్. ఏదీ అడగకుండా వారంలో సీటిచ్చి ఫీజు ఎప్పుడు కడతావంటే అనుమానించాలి.

ఎప్పుడు రాయాలన్నదానికి మీ చేతిలో ఉన్న క్యాలెండరే జవాబు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే చదువుకి పీహెచ్‌డీ గడువులు అంతకుముందు డిసెంబరు మొదటి పక్షంలో, ఎంఎస్ గడువులు చాలావరకు డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా పడతాయి. అసలు స్కోరు పది రోజుల్లో వస్తుంది. ఒకసారి పాడైతే మళ్లీ రాయడానికి మూడు వారాలు ఆగాలి. వెనక్కి లెక్కేస్తే నవంబరులో మొదటిసారి రాసేవాడికి డిసెంబరు గడువులకి రెండో అవకాశం లేనట్టే. మన పిల్లల్లో ఎక్కువమంది సరిగ్గా అప్పుడే రాస్తారు, ఎందుకంటే జూలై నుంచి క్యాంపస్ డ్రైవులు, ఆ తర్వాత మిడ్ పరీక్షలు, ఆ తర్వాత దసరా. మూడో ఏడాది రెండో సెమిస్టర్ అయిపోయి నాలుగో ఏడాది మొదలయ్యే లోపున్న ఆ మే, జూన్ నెలలే అసలు కిటికీ. సెమిస్టర్ పుస్తకాలు ఉండవు, డ్రైవులు ఉండవు, ఎండకి బయట తిరగబుద్ధి కాదు. దానికి సిద్ధం కావడం ఫిబ్రవరిలో మొదలుపెట్టాలి. వెర్బల్ మాత్రం మూడు నెలల్లో వచ్చేది కాదు. రెండో ఏడాది నుంచి రోజుకో పెద్ద ఇంగ్లీషు వ్యాసం చివరిదాకా చదివినవాడికి వస్తుంది.

పరీక్ష రాసే ముందే జాబితా సిద్ధంగా ఉండాలనడానికి ఇంకో చిన్న కారణం. పరీక్ష రోజున నాలుగు చోట్లకి స్కోరు ఉచితంగా పంపుతారు. మార్కులు తెరమీద చూసుకున్నాక అక్కడే తేల్చాలి. జాబితా లేనివాడు నోటికొచ్చిన పేర్లు నొక్కి వస్తాడు, తర్వాత ఒక్కోదానికి డాలర్లు కడతాడు. ఇంకొకటి, పాస్‌పోర్టు. మన పిల్లల్లో కొందరి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో విడదీసి వెనక వస్తుంది, కొందరికి అసలు ఆ గడే ఖాళీ. రిజిస్ట్రేషన్లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పరీక్ష గేటు దగ్గర వెనక్కి పంపితే ఫీజు పోయినట్టే. మూడో ఏడాది మొదట్లో మీరే ఒకరోజు పిల్లలందరి పాస్‌పోర్టులు తెప్పించి చూడండి, ఎంతమందికి తేడాలున్నాయో మీకే తెలుస్తుంది.

జీమ్యాట్ మాట చివర్న పెట్టడానికి కారణం, మీ పిల్లల్లో నూటికి తొంభై మందికి అది అక్కర్లేదు. అది బిజినెస్ స్కూళ్ల పరీక్ష. ఎంఎస్ ఇంజనీరింగ్‌కి దాన్నెవరూ అడగరు. కానీ ఉద్యోగంలో చేరి మూడేళ్లయ్యాక వాళ్లే ఎంబీఏ అంటూ వస్తారు. అప్పుడు "ఎంబీఏ అంటే జీమ్యాటే కదండీ" అంటారు. కాదు. హైదరాబాద్ ఐఎస్‌బీ సహా పేరున్న బిజినెస్ స్కూళ్లు దాదాపు అన్నీ జీఆర్ఈ కూడా తీసుకుంటున్నాయి. రెండు స్కోర్లూ అయిదేళ్లు చెల్లుతాయి.

ఏలూరు నుంచి హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఒకతను జీమ్యాట్ కోచింగ్‌కి అప్పు చేస్తానని వచ్చాడు. ఇదివరకు ఏమైనా రాశావా అంటే బీటెక్‌లో జీఆర్ఈ రాసి, అమెరికా వెళ్లక వదిలేశానన్నాడు. క్వాంట్ 167, వెర్బల్ 158. తేదీ చూస్తే ఇంకా ఏడాది పైన గడువుంది! అతను దాన్ని చనిపోయిన స్కోరు అనుకుంటున్నాడు. అయినా జీమ్యాట్ ఉచిత నమూనా ఒకటి రాసి చూడమన్నాను. 565 వచ్చింది. కొత్త జీమ్యాట్ 205 నుంచి 805 దాకా ఉంటుంది. 2023 నవంబరులో కొలత మార్చారు. పాత 700కి ఇప్పుడు 645 సాటి. అది తెలియక "మా బాసు 710 తెచ్చుకున్నాడు, నాకు 645 ఏం సరిపోతుంది" అని దిగులుపడేవాళ్లని చూశాను. ఇతని 565 మాత్రం నిజంగానే చాలదు. చేతిలో ఉన్న జీఆర్ఈతోనే దరఖాస్తు పెట్టాడు.

అందరికీ ఇదే జవాబు కాదు. జీమ్యాట్‌లో జ్యామితి లేదు, వ్యాసం లేదు, బట్టీపట్టే మాటలు లేవు. వెర్బల్ అంతా చదివి వాదన ఎక్కడ తప్పిందో పట్టుకోవడమే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, మాటల జాబితాలంటే భయపడే పిల్లాడికి తర్కం బాగుంటే అది నయం. కానీ క్వాంట్‌లో క్యాలిక్యులేటర్ ఇవ్వరు. పట్టికలూ గ్రాఫులూ కలగలిపిన డేటా ఇన్‌సైట్స్ అనే మూడో భాగం, దానిలో 45 నిమిషాలకి 20 ప్రశ్నలు, చాలామందిని పడేస్తుంది. బిజినెస్ స్కూళ్లు ఈ స్కోర్లకి సైన్స్ డిపార్ట్‌మెంట్ల కంటే ఎందుకు ఎక్కువ బరువిస్తాయంటే, చేరినవాళ్ల స్కోరు వాళ్ల ర్యాంకింగులోకి వెళుతుంది. అక్కడ 10 పాయింట్లకీ లెక్కుంది, ముఖ్యంగా స్కాలర్‌షిప్పు దగ్గర. అందుకని బిజినెస్ తప్ప వేరే ఉద్దేశం లేనివాడు రెండు ఉచిత నమూనాలూ ఇంట్లో రాసుకుని, పర్సంటైల్ ఎందులో బాగుంటే అందులో దిగాలి. మనసు ఇంకా తేలనివాడికి జీఆర్ఈయే మేలు, రెండువైపులా పనికొస్తుంది.

మీ నుంచి నేను అడిగేది పెద్దదేం కాదు. కోచింగ్ వాళ్లని సెమినార్ హాల్లోకి పిలిచే ముందు ఒక శనివారం మధ్యాహ్నం మూడో ఏడాది పిల్లల్ని కంప్యూటర్ ల్యాబులో కూర్చోబెట్టండి. తొమ్మిది పేర్లు, మూడు గళ్ల కాగితం. జాబితా పూర్తయినవాడికే కోచింగ్ ఫారం ఇవ్వండి. సంక్రాంతికి ముందైతే మేలు, పండక్కి ఇంటికెళ్లినప్పుడు ఖర్చు గడి గురించి నాన్నతో మాట్లాడతారు. ఆ గడి నింపాక సగం మంది జాబితాలు మారిపోతాయి, అది నేను చూశాను. కాగితం నమూనా నా దగ్గరుంది. పిలిస్తే వస్తాను. భీమవరం, ఏలూరు అయితే మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరినా అందుకుంటాను. ఫీజు అక్కర్లేదు, తెల్లకాగితాలు మాత్రం మీరే తెప్పించండి.

ఇట్లు,
గూడెం లెక్కల మాస్టారు